సేవ్ డేటా జోలికి పోకండి, జాగా అంతా గేమ్‌ల దగ్గరే ఉంది

సోనీ గేమింగ్ కన్సోల్ పీఎస్5లో కొత్త గేమ్ వేసుకోబోతే జాగా చాలదని మెసేజ్ వస్తుంది. అప్పుడు ఎక్కువమంది చేసే పని, స్టోరేజ్ పేజీ తెరిచి కంటికి అనవసరం అనిపించిందల్లా తుడుచుకుంటూ పోవడం. ఆ తుడుపులో గేమ్ పోతే పెద్ద నష్టం లేదు. కొన్న గేమ్ మన అకౌంట్ మీదే ఉంటుంది, ఎప్పుడైనా మళ్లీ దించుకోవచ్చు. డిస్క్ అయితే మళ్లీ పెట్టుకోవచ్చు. కానీ ఆటలో ఎంతదాకా వచ్చామో దాచే సేవ్ డేటా పోతే దాన్ని తిరిగి ఇచ్చే దుకాణం లేదు. కన్సోల్ మొత్తంలో మనం సొంతంగా తయారుచేసుకున్నది అదొక్కటే, దానితో పాటు మనం తీసుకున్న ఫొటోలు, వీడియోలు. మిగతాదంతా కంపెనీ సర్వర్‌లో ఉన్నదానికి కాపీ.

అందుకే నా వాదన ఇది. జాగా కోసం సేవ్ డేటా తుడవడం ఎప్పుడూ తప్పే. నైతికంగా తప్పని కాదు, లెక్క ప్రకారమే తప్పు. ఆ లెక్క ఒకసారి కళ్లారా చూస్తే మళ్లీ ఎవరూ ఆ పని చేయరు.

గుంటూరులో మా అక్క కొడుకు పదో తరగతి పరీక్షలు అయిపోయాక ఫోన్ చేశాడు. "మావయ్యా, పీఎస్5 నిండిపోయింది. సేవ్ డేటా తీసేయమంటున్నాడు మా ఫ్రెండ్, తీసేయనా?" అన్నాడు. ఏదీ ముట్టుకోకుండా `Settings > Storage > Console Storage` తెరిచి, అక్కడున్న అంకెలు చదవమన్నాను. వాడిది మొదట్లో వచ్చిన మోడల్. డబ్బా మీద 825 జీబీ అని ఉంటుంది గానీ, సిస్టమ్ వాడుకునేది పోగా మన చేతికొచ్చేది సుమారు 667 జీబీ. అందులో గేమ్‌లు 598, మీడియా గ్యాలరీ 31, "Other" అని 20, సేవ్ డేటా 4, ఖాళీ 14. వాడు వేసుకోవాలనుకున్న కొత్త గేమ్ 100 జీబీ.

ఇప్పుడు చూడండి. ఆ 4 జీబీలో వాడివీ, వాళ్ల అక్కవీ, ఇద్దరి రెండేళ్ల ఆటంతా ఉంది. రెడ్ డెడ్ రిడంప్షన్ 2 వాడు ముప్పావు వంతు పూర్తి చేశాడు. ఆ మొత్తం తుడిచేసినా ఖాళీ 18 జీబీ అవుతుంది, 100 జీబీ గేమ్ అప్పటికీ పట్టదు. అంటే ఇంట్లో ఇద్దరు పిల్లల కష్టమంతా పోగొట్టుకున్నాక కూడా అదే మెసేజ్ మళ్లీ వస్తుంది. మామూలుగా ఒక గేమ్ సేవ్ కొన్ని ఎంబీల నుంచి కొన్ని వందల ఎంబీల దాకా ఉంటుంది. గేమ్ మాత్రం వంద జీబీ. పోలికే లేదు.

మరి సేవ్ డేటా తుడవమనే సలహా ఎక్కడి నుంచి వస్తోంది? ఫోన్ల నుంచి అని నా అనుమానం. ఫోన్‌లో యాప్ "డేటా" క్లియర్ చేస్తే నిజంగానే జాగా వస్తుంది, అక్కడ డేటా అంటే చాలావరకు తాత్కాలికంగా దాచుకున్న చెత్త. అదే అలవాటుతో కన్సోల్‌లో "Saved Data" అనే మాట చూడగానే చెయ్యి అటు పోతుంది. ఇంకో భయం కూడా ఉంది, ఇది దానికి పూర్తిగా తిరగేసింది. గేమ్ తీసేస్తే సేవ్ కూడా పోతుందేమోనని కొందరు ఆడని గేమ్‌లను కూడా ఏళ్ల తరబడి అలాగే ఉంచేస్తారు. పోదు. పీఎస్5లో గేమ్ వేరు, దాని సేవ్ వేరు. గేమ్ డిలీట్ చేసినా సేవ్ కన్సోల్‌లోనే ఉంటుంది. ఆరు నెలల తర్వాత అదే గేమ్ మళ్లీ వేసుకుంటే ఆపిన చోటి నుంచే మొదలవుతుంది. ఈ ఒక్క విషయం తెలిస్తే సగం టెన్షన్ తగ్గిపోతుంది.

జాగా ఉన్నది గేమ్‌ల దగ్గర కాబట్టి పని అక్కడే మొదలుపెట్టాలి. ఎక్స్‌టర్నల్ డ్రైవ్ సంగతి ఇక్కడే వస్తుంది, చాలామంది డబ్బు వృథా చేసుకునేదీ ఇక్కడే. యూఎస్‌బీతో తగిలించే డ్రైవ్‌లో పీఎస్5 గేమ్‌లను దాచుకోవచ్చు, ఆడలేం. ఆడాలంటే మళ్లీ లోపలికి తెచ్చుకోవాలి. ఇంట్లో అటక లాంటిదనుకోండి, పండక్కి వాడే గిన్నెలు అక్కడ పెడతాం గానీ అక్కడ వంట చేయం. 2021 ఏప్రిల్ అప్‌డేట్‌తో ఈ దాచుకునే వీలు వచ్చింది. అంతకుముందు అదీ లేదు. పీఎస్4 గేమ్‌ల సంగతి వేరు. అవి యూఎస్‌బీ డ్రైవ్ మీద నుంచే నేరుగా నడుస్తాయి. పీఎస్5 గేమ్‌లను లోపలి ఎస్ఎస్‌డీ వేగాన్ని నమ్ముకుని తయారుచేస్తారు, యూఎస్‌బీ ఆ వేగాన్ని అందుకోలేదు. పీఎస్4లో ఉన్నది మామూలు హార్డ్ డిస్క్ కాబట్టి ఆ గేమ్‌లకు ఇది సరిపోతుంది.

దీన్నిబట్టి మా వాడి విషయం ఎలా తేలిందో చెబుతాను. వాడి గేమ్‌లలో పెద్దవి నాలుగు. కాల్ ఆఫ్ డ్యూటీ 190 జీబీకి దగ్గరగా ఉంది. రెడ్ డెడ్ రిడంప్షన్ 2 సుమారు 110. స్పైడర్‌మ్యాన్ 2, గాడ్ ఆఫ్ వార్ రాగ్నరోక్ ఒక్కోటి 90 చొప్పున. వీటిలో రెడ్ డెడ్ పీఎస్4 గేమ్. దాన్ని డ్రైవ్‌కి పంపినా అక్కడి నుంచే ఆడుకోవచ్చు, లోపల 110 జీబీ ఖాళీ అవుతుంది. ఆ ఒక్క కదలికతోనే వాడి సమస్య తీరిపోయింది. 14కి 110 కలిపితే 124, కొత్త గేమ్‌కి 100. ఏదీ తుడవనక్కర్లేకపోయింది. ఎవరికైనా నేను చెప్పే మొదటి మాట ఇదే: లోపల ఉన్న పీఎస్4 గేమ్‌లన్నీ ముందు బయటికి పంపండి. కొత్తవి కూడా అక్కడికే వెళ్లేలా `Settings > Storage > Installation Location`లో పీఎస్4 గేమ్‌లకు యూఎస్‌బీ డ్రైవ్‌ని ఎంచుకోండి.

రెండోది కాల్ ఆఫ్ డ్యూటీ. దాని మీద కర్సర్ పెట్టి ఆప్షన్స్ బటన్ నొక్కితే `Manage Game Content` అని వస్తుంది. కథ, మల్టీప్లేయర్, జాంబీస్ లాంటివి అందులో విడివిడిగా కనిపిస్తాయి. వాడు స్నేహితులతో ఆడేది మల్టీప్లేయర్ ఒక్కటే. కథ ఎప్పుడో అయిపోయింది. ఆ భాగాలు తీసేస్తే పదుల జీబీలు తిరిగొచ్చాయి. అన్ని గేమ్‌లకూ ఈ సదుపాయం ఉండదు, ఉన్నవాటిలో మాత్రం ఇంతకంటే తేలికైన మార్గం లేదు.

మూడోది ఎవరూ పట్టించుకోని మీడియా గ్యాలరీ. ట్రోఫీ వచ్చిన ప్రతిసారీ పీఎస్5 తనంతట తాను ఒక ఫొటో, చిన్న వీడియో తీసి దాచుకుంటుంది. అడిగి తీసుకోదు కాబట్టి అవి ఉన్నాయని కూడా చాలామందికి తెలియదు. మా వాడి 31 జీబీలో ఎక్కువ భాగం అవే. కావాల్సినవి పెన్‌డ్రైవ్‌కి ఎక్కించుకుని మిగతావి తీసేశాడు. `Settings > Captures and Broadcasts`లో ట్రోఫీల దగ్గర ఆ వీడియో సేవింగ్ ఆపేస్తే ఇక పేరుకోదు.

ఇక డ్రైవ్ కొనే సంగతి. సోనీ చెప్పే షరతులు మూడే. 250 జీబీకి తగ్గకూడదు, 8 టీబీకి మించకూడదు, సెకనుకు 5 గిగాబిట్ల యూఎస్‌బీ అయి ఉండాలి, అంటే యూఎస్‌బీ 3.0 లేదా ఆపైది. పీఎస్5 గేమ్‌లు దాచడానికే అయితే ఖరీదైన ఎక్స్‌టర్నల్ ఎస్ఎస్‌డీ కొనడంలో అర్థం లేదని నా అభిప్రాయం. అక్కడ ఆడరు కాబట్టి వేగం ఎందుకు? మామూలు హార్డ్ డిస్క్ సెకనుకు 100 ఎంబీ రాసినా 110 జీబీ గేమ్ ఇరవై నిమిషాల్లోపు వెళ్లిపోతుంది. ఎక్కువగా పీఎస్4 గేమ్‌లు ఆడేవాళ్లు అయితే ఎస్ఎస్‌డీ తీసుకోవచ్చు, లోడింగ్‌లో తేడా స్పష్టంగా తెలుస్తుంది.

అసలు హార్డ్ డిస్క్ కొనాలా, తీసేసి మళ్లీ దించుకుంటే పోదా అనేది మీ ఇంటర్నెట్‌ని బట్టి ఉంటుంది. 100 ఎంబీపీఎస్ ఫైబర్ ఉంటే 100 జీబీ గేమ్ రెండుంబావు గంటల్లో దిగుతుంది. రాత్రి పెట్టి పడుకుంటే పొద్దునకి సిద్ధం. అలాంటి ఇంట్లో డ్రైవ్ కొనకపోయినా ఏం కాదు, ఆడటం అయిపోయిన గేమ్ ధైర్యంగా డిలీట్ చేయొచ్చు. 40 ఎంబీపీఎస్ అయితే అదే గేమ్‌కి ఐదున్నర గంటలు. అదీ నిలకడగా వస్తేనే. మొబైల్ హాట్‌స్పాట్ మీద ఆడేవాళ్లకి, నెలవారీ డేటా హద్దు తక్కువున్న కనెక్షన్ల వాళ్లకి, ఊళ్లలో సాయంత్రమయ్యేసరికి స్పీడ్ పడిపోయే చోట్ల హార్డ్ డిస్క్ నిజంగా పనికొస్తుంది. గేమ్ డిస్క్ ఉంటే డౌన్‌లోడ్ అక్కర్లేదు కదా అనుకోకండి. డిస్క్ పెట్టినా గేమ్ మొత్తం లోపలి స్టోరేజ్‌లోకే ఎక్కుతుంది. పైగా విడుదలయ్యాక వచ్చిన అప్‌డేట్లు నెట్ నుంచే దిగాలి. ఆడేటప్పుడు డిస్క్ లోపల ఉండాల్సింది అది మీదేనని నిరూపించుకోవడానికే.

డ్రైవ్ తగిలించేటప్పుడు రెండు చోట్ల జాగ్రత్త కావాలి. ఒకటి ప్లగ్ ఎక్కడ పెడతామన్నది. మొదటి మోడల్ పీఎస్5 ముందు వైపు ఉన్న వెడల్పాటి యూఎస్‌బీ పోర్ట్ పాత వేగంది, కంట్రోలర్ ఛార్జింగ్‌కి తప్ప దీనికి పనికిరాదు. వెనకున్న రెండిట్లో ఒకదానికి పెట్టాలి. యూఎస్‌బీ హబ్ మధ్యలో పెడితే ఒప్పుకోదు. డ్రైవ్ మంచిదే అయినా గుర్తించడం లేదని షాపువాడితో గొడవ పెట్టుకునే ముందు కేబుల్, పోర్ట్ మార్చి చూడండి.

రెండోది చాలా పెద్ద ప్రమాదం. కన్సోల్ ఆ డ్రైవ్‌ని ఫార్మాట్ చేశాకే వాడుకుంటుంది, అంటే అందులో ఉన్నదంతా పోతుంది. మన ఇళ్లలో పాత హార్డ్ డిస్క్ అంటే ఖాళీ డిస్క్ కాదు. అక్క పెళ్లి వీడియో, తాతగారి షష్టిపూర్తి ఫొటోలు అందులోనే ఉంటాయి. "ఇంట్లో ఒకటి పడి ఉంది" అని మా వాడు కూడా అన్నాడు. ముందు కంప్యూటర్‌కి తగిలించి చూడమంటే, నాన్న దాచుకున్న ఇంటి రిజిస్ట్రేషన్ కాగితాల స్కాన్లు బయటపడ్డాయి. వాటిని వేరే చోటికి కాపీ చేశాకే ఆ డ్రైవ్ పీఎస్5కి ఇచ్చారు. ఒకసారి పీఎస్5 ఫార్మాట్ చేశాక ఆ డ్రైవ్‌ని కంప్యూటర్ చదవలేదు. ఖాళీదో పాడైందో అనుకుని మళ్లీ ఫార్మాట్ చేయమని అడుగుతుంది. సరే అన్నారంటే ఈసారి గేమ్‌లు పోతాయి. డ్రైవ్ మీద మార్కర్‌తో "పీఎస్5" అని రాసి పెట్టమన్నాను, ఇంట్లో ఇంకెవరైనా తీసుకెళ్లి కంప్యూటర్‌కి పెట్టకుండా.

తరలించడం పెద్ద పనేం కాదు. గేమ్ మీద ఆప్షన్స్ బటన్ నొక్కి `Move Games and Apps` ఎంచుకుని, కావాల్సినవాటికి టిక్ పెట్టి `Move` నొక్కడమే. మధ్యలో కరెంటు పోతే ఇబ్బంది కాబట్టి గాలివాన ఉన్న రోజు పెట్టుకోవద్దు. ఇన్వర్టర్ లైన్ మీద ఉంటే ఆ బెంగ లేదు. డ్రైవ్ తీయాలంటే నేరుగా లాగేయకుండా ముందు స్టోరేజ్ సెట్టింగ్స్‌లో సురక్షితంగా తొలగించే ఆప్షన్ వాడండి.

ఇక్కడ ఒక అపోహ తీసేయాలి. గేమ్‌ని బయటి డ్రైవ్‌కి పంపితే సేవ్ కూడా దానితో పాటు వెళ్తుందని చాలామంది అనుకుంటారు. వెళ్లదు. గేమ్ యూఎస్‌బీ డ్రైవ్‌లో ఉన్నా, లోపల అదనంగా బిగించిన ఎం.2 ఎస్ఎస్‌డీలో ఉన్నా, సేవ్ మాత్రం కన్సోల్ సొంత స్టోరేజ్‌లోనే ఉంటుంది. దీనికి మంచి వైపు ఒకటుంది. పాత హార్డ్ డిస్క్ చచ్చిపోయినా పోయేది గేమ్‌లే, మళ్లీ దించుకుంటాం. చెడ్డ వైపు కూడా ఉంది, అది చాలా పెద్దది. పీఎస్5 లోపలి స్టోరేజ్ మదర్‌బోర్డ్ మీదే అతికించి ఉంటుంది. బోర్డ్ పోతే ఆ చిప్‌లను విప్పి వేరే కన్సోల్‌లో పెట్టుకునే అవకాశం లేదు. ఎన్ని డ్రైవ్‌లు కొన్నా సేవ్‌లకు రక్షణ లేనట్టే. రక్షణ విడిగా ఏర్పాటు చేసుకోవాలి.

ఎం.2 గురించి ఒక్క మాట చెప్పి ముందుకెళ్తాను. పీఎస్5 గేమ్‌లే ఎక్కువగా ఆడుతూ, నెలకోసారి లోపలికీ బయటికీ మార్చుకోవడం విసుగనిపిస్తే అసలు పరిష్కారం అదే. వాటి మీద పీఎస్5 గేమ్‌లు నేరుగా నడుస్తాయి. కాకపోతే జెన్ 4 ఎన్‌వీఎంఈ అయి ఉండాలి, వేడి తీసే హీట్‌సింక్ తప్పనిసరి, హీట్‌సింక్‌తో కలిపి మొత్తం ఎత్తు 11.25 మిల్లీమీటర్లు దాటకూడదు. ఆన్‌లైన్‌లో కొనేముందు ఈ ఎత్తు ఒక్కటి చూసుకోండి, ఎక్కువమంది వెనక్కి పంపేది దీనివల్లే అనిపిస్తుంది నాకు.

ఇప్పుడు సేవ్‌ల సంగతి. పీఎస్5 గేమ్‌ల సేవ్‌లను మామూలుగా ఒకటొకటిగా పెన్‌డ్రైవ్‌కి కాపీ చేసుకోలేం. ప్లేస్టేషన్ ప్లస్ చందా కడితే క్లౌడ్‌లోకి పంపుకోవచ్చు. చందా కట్టనివాళ్లకి ఆ తలుపు మూసే ఉంటుంది. అదే మెషీన్‌లో అదే అకౌంట్ మీద పీఎస్4 గేమ్ ఆడితే మాత్రం ఆ సేవ్‌ని పెన్‌డ్రైవ్‌కి కాపీ చేసుకోవచ్చు. సేవ్ డేటా పేజీలో పీఎస్4 వైపు వెళ్తే `Copy to USB Drive` కనిపిస్తుంది, పీఎస్5 వైపు ఉండదు. ఇది నాకు అన్యాయంగా అనిపిస్తుంది, ఎందుకో కూడా చెబుతాను. మోసాలు ఆపడానికి అనుకుందామంటే పీఎస్4 సేవ్‌లకు ఇన్నేళ్లుగా ఉన్న వీలు ఇంకా ఉంది, అది తీసేయలేదు. పెన్‌డ్రైవ్‌లోకి వెళ్లే సేవ్ ఎన్‌క్రిప్ట్ అయ్యే ఉంటుంది. ఎక్స్‌బాక్స్ తీసుకుంటే, అక్కడ సేవ్‌లు చందా లేకపోయినా ప్రతి ఒక్కరికీ ఉచితంగా క్లౌడ్‌లోకి వెళ్తాయి. చేయలేని పనేం కాదన్నమాట. ఆన్‌లైన్‌లో ఆడుకోవడానికి డబ్బు అడగండి, నెలనెలా గేమ్‌లు ఇచ్చినందుకు అడగండి, ఒప్పుకుంటాను. కానీ ఒక పిల్లవాడు తన కన్సోల్‌లో తాను ఆడిన ఆటకి కాపీ దాచుకోవడానికి నెలనెలా డబ్బు ఎందుకు కట్టాలి?

చందా లేనివాళ్లకి ఒక దారి ఉంది, కాస్త చుట్టుదారి. `Settings > System > System Software` కింద `Back Up and Restore` ఉంటుంది. దానితో కన్సోల్‌లోని డేటాని ఎక్స్‌ఫ్యాట్ లేదా ఫ్యాట్32లో ఫార్మాట్ చేసిన డ్రైవ్‌కి బ్యాకప్ తీసుకోవచ్చు. గేమ్‌లకు టిక్ తీసేసి సేవ్ డేటా ఒక్కటే ఉంచితే చిన్న పెన్‌డ్రైవ్ చాలు. గేమ్‌లు దాచుకునే డ్రైవ్ దీనికి పనికిరాదు, రెండూ వేరువేరు ఫార్మాట్లు. ఒక పెద్ద మెలిక ఏమిటంటే, ఈ బ్యాకప్‌ని తిరిగి ఎక్కించేటప్పుడు కన్సోల్‌లో అప్పటికున్నదంతా చెరిగిపోతుంది. కాబట్టి ఒక గేమ్ సేవ్ పాడైందని దీన్ని వాడలేం, మొత్తం పోయినప్పుడే వాడుకోవాలి. సర్వీస్ సెంటర్‌కి ఇచ్చేముందు మాత్రం దీన్ని తీసుకోకుండా ఇవ్వకండి.

చందా ఉన్నవాళ్లు నిశ్చింతగా ఉండొచ్చా అంటే, పూర్తిగా ఉండలేరు. క్లౌడ్‌లో ఒక్కో గేమ్‌కి చివరి సేవ్ మాత్రమే నిలుస్తుంది. కన్సోల్ రీసెట్ చేశాక పాత సేవ్ దించుకోకుండా గేమ్ మొదలుపెట్టారనుకోండి, మొదటి అధ్యాయంలో కొత్త సేవ్ తయారవుతుంది. అప్పుడు కన్సోల్‌లోదీ క్లౌడ్‌లోదీ కలవలేదు, ఏది ఉంచాలని అడుగుతుంది. కొత్త తేదీ ఉన్నదే మంచిదనుకుని నొక్కితే, పది నిమిషాల ఆట వంద గంటల ఆటని మింగేస్తుంది. తేదీతో పాటు సైజు, లోపలున్న ఫైళ్లు కూడా చూసి నొక్కాలి. అనుమానం ఉంటే ఏదీ నొక్కకుండా వెనక్కి రావాలి. చందా ఆగిపోయినా క్లౌడ్‌లో సేవ్‌లు ఆరు నెలల దాకా ఉంటాయి, ఆ తర్వాత ఉంటాయన్న భరోసా లేదు.

అయితే సేవ్ ఎప్పుడూ తుడవకూడదా? తుడవాల్సిన సందర్భాలు కొన్ని ఉన్నాయి, వాటిలో జాగా మాత్రం లేదు. ఒకటి, సేవ్ పాడైపోయి గేమ్ తెరుచుకోగానే ఆగిపోతుంటే. రెండోది, ఒకే స్లాట్ ఉన్న గేమ్‌ని మొదటి నుంచి ఆడాలనుకుంటే. మూడోది, డెమోల సేవ్‌లు. అవి కూడా ఉంటే నష్టం లేదు, జాబితా పొడుగవుతుందంతే. తుడిచేటప్పుడు `Settings > Saved Data and Game/App Settings` లోకి వెళ్లి ముందు చూడాల్సింది ఏ యూజర్‌తో లాగిన్ అయి ఉన్నామన్నది. తర్వాత అది పీఎస్4 సేవా, పీఎస్5 సేవా అన్నది. ఒకే గేమ్ రెండు రకాలుగా ఉంటే రెండిటికీ వేరువేరు సేవ్‌లుంటాయి. పీఎస్5 వెర్షన్‌కి మారాం కదా అని పాతది తుడిచేస్తారు. కొన్ని గేమ్‌లలో పాత వెర్షన్ తెరిచి అక్కడి నుంచి సేవ్‌ని పంపితే గానీ కొత్తదానికి చేరదు. కొత్త వెర్షన్‌లో మీ ఆట నిజంగా తెరుచుకుని, మీరు ఆపిన చోటు కనిపించాకే పాతది ముట్టుకోండి.

సేవ్ పేజీ కంటే ప్రమాదకరమైన చోట్లు వేరే ఉన్నాయి. యూజర్ల జాబితాలో ఎవరూ వాడటం లేదనుకున్న ప్రొఫైల్‌ని తీసేస్తే, ఆ యూజర్ సేవ్‌లన్నీ దానితోనే పోతాయి. హాస్టల్‌కి వెళ్లిన వాళ్ల అక్క ప్రొఫైల్‌ని మా వాడు అలాగే తీసేయబోయాడు. ఆ మెనూ పేరులో సేవ్ అనే మాట ఉండదు కాబట్టి ఇంకా భయం. ఇంకోటి సేఫ్ మోడ్. పవర్ బటన్ రెండో బీప్ వచ్చేదాకా నొక్కి పట్టుకుంటే వచ్చే జాబితాలో ఐదోది `Clear Cache and Rebuild Database`. "Other" ఎక్కువగా పెరిగినప్పుడో, గేమ్‌లు సరిగా కనిపించనప్పుడో దీన్ని వాడొచ్చు, సేవ్‌లకు ఏమీ కాదు. కానీ దాని కిందే ఆరోది `Reset PS5`. ఒక్క గీత కిందకి జారితే మొత్తం కన్సోల్ ఖాళీ చేసే స్క్రీన్‌లోకి వెళ్తాం. వీడియో చూస్తూ గబగబా బటన్లు నొక్కే పని కాదది. తెర మీదున్న వాక్యం పూర్తిగా చదివాకే నొక్కాలి.

మన దగ్గర డిస్క్‌లు ఇచ్చిపుచ్చుకోవడం ఎక్కువ కాబట్టి ఇంకో సంగతి చెప్పాలి. ఆడటం అయ్యాక డిస్క్ అమ్మేసి, సేవ్ ఉందిగా, ఎప్పుడైనా పాతది ఇంకోటి కొనుక్కుని కొనసాగిద్దాం అనుకుంటాం. మన మార్కెట్‌లో అధికారికంగా వచ్చేవి కాక, దుబాయ్ నుంచో సింగపూర్ నుంచో అమెరికా నుంచో చుట్టాలు తెచ్చినవీ తిరుగుతుంటాయి. గేమ్ పేరు ఒకటే అయినా ఒక్కో ప్రాంతం ఎడిషన్‌కి ఒక్కో కోడ్ ఉంటుంది. పీఎస్4వి `CUSA`తో, పీఎస్5వి `PPSA`తో మొదలవుతాయి. సేవ్ ఆ కోడ్‌కే అతుక్కుని ఉంటుంది. వేరే ప్రాంతం డిస్క్ పెడితే మీ సేవ్ కన్సోల్‌లో భద్రంగానే ఉన్నా, గేమ్ దాన్ని చూడకపోవచ్చు, "New Game" మాత్రమే చూపిస్తుంది. సేవ్ పోయిందనుకుని కంగారులో కొత్త ఆట మొదలుపెట్టకండి, పాతదాన్ని చెత్త అనుకుని తుడవకండి. డిస్క్ అమ్మేముందు దాని మీదున్న కోడ్‌ని ఫొటో తీసి ఉంచుకుంటే, మళ్లీ కొనేటప్పుడు అమ్మేవాడిని అదే అడగొచ్చు.

మా అక్క వాళ్లింట్లో ఇప్పుడు రెండు వస్తువులు టీవీ అరలో ఉన్నాయి. గేమ్‌ల కోసం మార్కర్‌తో పేరు రాసిన హార్డ్ డిస్క్ ఒకటి, సేవ్‌ల బ్యాకప్ కోసం ఒక పెన్‌డ్రైవ్ ఒకటి. వాళ్లు చందా కట్టడం లేదు, కట్టమని నేనూ చెప్పలేదు. బ్యాకప్ తీసినప్పుడల్లా మా వాడు పెన్‌డ్రైవ్‌కి అంటించిన కాగితం మీద తేదీ మారుస్తాడు. వాళ్ల అక్క హాస్టల్ నుంచి సెలవులకి వచ్చి తన ఆట ఆడి వెళ్లాక ఇంకోసారి తీస్తాడు.